బాగోలేదని చెప్పే వీలుండాలి

స్కూటర్‌ని సర్వీసింగ్‌కి ఇచ్చి తెచ్చుకున్న సాయంత్రమే షోరూం నుంచి ఫోనొస్తుంది. "సార్, రేపు కంపెనీవాళ్లు కాల్ చేస్తారు. పదికి పది చెప్పండి సార్. తగ్గితే నా ఇన్సెంటివ్ పోతుంది." ఆన్‌లైన్లో తెప్పించుకున్న చీర మడతల్లో ఒక కార్డు కనిపిస్తుంది. "మాది చిన్న వ్యాపారం. మీరిచ్చే ఐదు స్టార్లే మా ఇంటికి ఆధారం" అని ఉంటుంది అందులో. ఎదుటి మనిషి జీతం మీదో, ఇంటి మీదో మాట వచ్చాక ఎవరికైనా చెయ్యి ఆడదు. పది చెప్పేస్తాం, ఐదు స్టార్లు నొక్కేస్తాం. అడిగినవాళ్లకి కావలసిన అంకె దొరుకుతుంది. బ్రేకు ఇంకా కీచుమంటోందన్న సంగతి, చీర అంచు మొదటి ఉతుకులోనే రంగు దిగిందన్న సంగతి మాత్రం వాళ్లకి చేరవు.

పదికి పది కోసం ఇంత ఆరాటం ఎందుకో చూద్దాం. అమెరికాకు చెందిన ఫ్రెడ్ రైకెల్డ్ అనే వ్యాపార సలహాదారు 2003 డిసెంబరులో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ పత్రికలో ఒక వ్యాసం రాశారు. "మా సంస్థ గురించి మీ స్నేహితులకు చెప్పే అవకాశం సున్నా నుంచి పది వరకు ఎంత?" అన్న ఒక్క ప్రశ్న చాలన్నది ఆయన ప్రతిపాదన. తొమ్మిది, పది చెప్పినవాళ్లు మన తరఫున మాట్లాడేవాళ్లు. సున్నా నుంచి ఆరు వరకు చెప్పినవాళ్లు అసంతృప్తులు. ఏడు, ఎనిమిది చెప్పినవాళ్లు ఏ పక్షమూ కారు. మొదటివాళ్ల శాతంలోంచి రెండోవాళ్ల శాతం తీసేస్తే వచ్చేదే నెట్ ప్రమోటర్ స్కోర్. లెక్క తేలిక కాబట్టి ప్రపంచమంతా పాకింది. అయితే మన బడుల్లో నూటికి ఎనభై వస్తే పిల్లాడు బాగా చదివాడంటాం. ఆ అలవాటుతో మనం మెచ్చుకోలుగా ఇచ్చే ఎనిమిది ఈ లెక్కలో ఎందుకూ కొరగాదు. ఆ అంకెను ఉద్యోగి జీతంతో ముడిపెట్టిన రోజు నుంచి కౌంటర్లో ఉన్న కుర్రాడు పది కోసం బతిమాలక తప్పదు. తెలుసుకోవడానికి పుట్టిన ప్రశ్న అలా అడుక్కునే ప్రశ్నయింది.

కొన్నవాళ్ల అభిప్రాయం అడగడంలో తప్పేం లేదు. అడగకపోతే సరుకు బాగుపడదు. ఒత్తిడి ఎక్కడినుంచి వస్తుందంటే, మూడు వేరువేరు పనుల్ని ఒకే మాటలో కలిపేయడం నుంచి వస్తుంది. వస్తువు సరిగ్గా చేరిందా, చేరకపోతే సరిచేయడం మొదటి పని. వస్తువులో ఏం మార్చాలో తెలుసుకోవడం రెండోది. నలుగురికీ కనిపించేలా రివ్యూ రాయించుకోవడం మూడోది. మొదటిది అమ్మినవాళ్ల బాధ్యత. రెండోది అమ్మినవాళ్ల అవసరం. మూడోది ప్రచారం. బాధ్యత తీర్చుకుంటున్నట్టు పలకరించి ప్రచారం చేయించుకోబోతే కొన్నవాళ్లు ఇరుకున పడతారు. ఈ మూడింటినీ విడదీస్తే ఏం జరుగుతుందో మనకు బాగా తెలిసిన వ్యాపారంలో పెట్టి చూద్దాం.

నలభై సీసాల ఆవకాయ

భీమవరంలో ఇంటి దగ్గరే పచ్చళ్లు పెట్టి అమ్మే ఒకావిడ ఉన్నారనుకుందాం. మే నెలలో రెండు జాడీల ఆవకాయ కలిపారు. జూన్ మొదట్లో నలభై కిలో సీసాలు కొరియర్లో హైదరాబాదు, విజయవాడ, బెంగళూరు పంపారు. కొన్నవాళ్లలో సగం మంది చుట్టాలు, వాళ్ల స్నేహితులు, పాత ఇరుగుపొరుగు. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే వచ్చాయి. తన ఆవకాయ ఎలా ఉందో ఆవిడకి తెలియాలి. వచ్చే ఏడాది ఎక్కువ పెట్టాలని ఆలోచన.

పార్సిల్ చేరిన రోజున ఆవిడ అడగాల్సింది ఒకటే. "నమస్కారమండీ. పార్సిల్ అందిందా? సీసా పగిలినా, నూనె కారినా ఒక ఫొటో పెట్టండి, వేరే సీసా పంపిస్తాను." ఇందులో రుచి మాట లేదు, స్టార్ల మాట లేదు. ఇది మొదటి పని, అంటే బాధ్యత. ఈ మెసేజ్ చివర "ఎలా ఉందో చెప్పడం మర్చిపోకండేం" అని ఒక్క ముక్క తగిలించినా రెండు నష్టాలున్నాయి. సీసా ఇంకా తెరవనివాళ్లు ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి "బాగుందండీ" అనేస్తారు. నూనె కారిన సీసా అందినవాళ్లు, రుచి గురించి మంచి మాట చెప్పకుండా ఫిర్యాదు చేస్తే బాగోదేమోనని వెనక్కి తగ్గుతారు.

రుచి గురించి అడగడానికి కొంత కాలం ఆగాలి. ఎంత కాలమన్నది వస్తువుని బట్టి ఉంటుంది. ఆవకాయ సీసా తెరిచి, వేడన్నంలో నాలుగైదు పూటలు తిన్నాకగానీ ఉప్పు, కారం, ఆవఘాటు గురించి ఒక అభిప్రాయం కుదరదు. ముక్క గట్టిగా నిలిచిందా మెత్తబడిందా అన్నది తెలియడానికి ఇంకా సమయం పడుతుంది. కాబట్టి పార్సిల్ చేరిన రెండు మూడు వారాలకి అడగడం సబబు. నూలు చీరయితే మొదటి ఉతుకు అయ్యాక. మిక్సీ అయితే పప్పు రుబ్బి, పొడి కొట్టి చూసే వ్యవధి ఇచ్చాక. వాడకముందే అడిగితే వచ్చేది మర్యాద మాత్రమే. మరీ ఆలస్యమైతే రుచి గుర్తుండదు. అమెజాన్‌లో అమ్మకందార్లకు రివ్యూ అడగడానికి ఇచ్చిన బటన్ కూడా వస్తువు చేరిన ఐదో రోజు నుంచి ముప్పయ్యో రోజు లోపే పనిచేస్తుంది. ఒక ఆర్డరుకి ఒక్కసారే నొక్కగలరు.

ఎవరిని అడుగుతున్నామన్నదీ చూసుకోవాలి. పచ్చడి వ్యాపారంలో ఆర్డరు పెట్టేవాళ్లు ఒకరు, తినేవాళ్లు ఇంకొకరు కావడం మామూలే. ఏలూరులో తల్లి డబ్బు కడుతుంది, బెంగళూరులో కొడుకు తింటాడు. తల్లిని అడిగితే "పిల్లాడు బాగుందన్నాడమ్మా" అంటుంది. అది ఆవకాయ గురించి సమాచారం కాదు, ఆ తల్లి పెద్దమనసు. కొడుకు నంబరు సంపాదించి నేరుగా అడగడం కూడా సరికాదు. ఆ నంబరు కొరియర్ కోసం ఇచ్చారుగానీ కబుర్ల కోసం ఇవ్వలేదు. "బాబుకి వీలుంటే ఇది చూపించండి, లేకపోతే వదిలేయండి" అని తల్లికే పంపడం మర్యాద.

ప్రశ్నలోనే జవాబు ఉంటుంది

మూడు వారాలయ్యాక ఆవిడ ఏమని అడగాలి? "మా ఆవకాయ నచ్చిందా?" అని అడిగితే మన ఇళ్లలో ఒకే జవాబు వస్తుంది. పెట్టిన చెయ్యి ఎదురుగా ఉండగా బాగోలేదనడం మన పెంపకంలో లేదు. వదినగారనో అక్కయ్యగారనో పిలిచే మనిషి అడిగినప్పుడు అసలే లేదు. ఇది కొన్నవాళ్ల తప్పు కాదు. ప్రశ్న వాళ్లని మొహమాటంలో నిలబెట్టింది. విమర్శ చెప్పాలంటే వాళ్లు అడిగిన మనిషిని కాదనాలి.

అందుకని విమర్శని కూడా అడిగిన సాయంగా మార్చే ప్రశ్న కావాలి. ఇలా అడగొచ్చు: "నమస్కారమండీ, భీమవరం నుంచి ఆవకాయ ఆవిణ్ణి. వచ్చే ఏడాది ఆవకాయలో ఒక్కటి మార్చమంటే ఏం మార్చమంటారు? ఉప్పు, కారం, ముక్క, నూనె, ఇంకేదైనా సరే. ఏమీ మార్చక్కర్లేదనిపిస్తే అదే రాయండి. తీరిక లేకపోతే జవాబు ఇవ్వక్కర్లేదు, నేను మళ్లీ అడగను."

ఈ నాలుగు మాటల్లో ప్రతిదానికీ ఒక పనుంది. "ఏం మార్చమంటారు" అన్నప్పుడు, మార్చాల్సింది ఉండొచ్చని అడిగినావిడే ముందు ఒప్పుకున్నారు. కొన్నవాళ్లు ఎవరినీ కాదనక్కర్లేదు. ఉప్పు, కారం అని పేర్లు చెప్పడం వల్ల ఒక్క మాటలో జవాబివ్వొచ్చు, పేరా రాయక్కర్లేదు. "ఏమీ మార్చక్కర్లేదు" అన్న జవాబుకీ చోటుంది కాబట్టి, నిజంగా నచ్చినవాళ్లు లేని తప్పు వెతకరు. ఇక చివరి వాక్యం అన్నిటికన్నా ముఖ్యం. వాట్సాప్‌లో నీలిరంగు టిక్కులు పడతాయి. చదివి ఊరుకున్నామని అవతలివాళ్లకి తెలిసిపోతుందన్న బెంగ చాలామందికి ఉంటుంది. ఊరుకోవడం కూడా తప్పు కాదని ముందే చెప్పేస్తే ఆ బెంగ తీరుతుంది.

చెప్పాక ఆ మాట నిలబెట్టుకోవాలి. "చూశారు కదండీ, ఏం రాయలేదేం?" అని రెండో మెసేజ్ పెట్టారో, మొదటి మెసేజ్‌లోని మర్యాదంతా అబద్ధమైపోతుంది. ఫోన్ చేసి అడగడం ఇంకా బరువు. గొంతు వినిపించాక మౌనంగా ఉండే వీలు కూడా ఉండదు. మెసేజ్ చదవలేని పెద్దవాళ్లయితే, వాళ్లు మళ్లీ ఆర్డరుకి ఫోన్ చేసినప్పుడు మాటల్లో అడిగితే సరిపోతుంది.

మెసేజ్‌లో ఉండకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. ఎండలో మాగాయ ముక్కలు ఎండబెడుతున్న ఫొటో, పిల్లల ఫీజుల ప్రస్తావన, "మీలాంటివాళ్ల ఆదరణ లేకపోతే మేం లేం" వంటి మాట. అవన్నీ నిజమే కావచ్చు. తన కష్టం గురించి చెప్పుకునే హక్కు ఆవిడకి ఉంది. కానీ ప్రశ్న పక్కన పెట్టినప్పుడు అవి జవాబుని కొనేస్తాయి. కష్టం విన్న మనిషి ఉప్పెక్కువైందని రాయలేడు.

పదమూడు జవాబులు ఏం చెప్పాయి

మన ఉదాహరణలో నలభై మందికి మెసేజ్ వెళితే పదమూడు మంది జవాబిచ్చారనుకుందాం. ఐదుగురు ఏమీ మార్చొద్దన్నారు. నలుగురు ఉప్పెక్కువైందన్నారు. ఇద్దరు ముక్క మెత్తబడిందన్నారు. ఒకరు నూనె తగ్గించమన్నారు. ఒకరు చిన్న సీసాలు కావాలన్నారు.

ఇక్కడ తొందరపాటు రెండు వైపులా ఉంది. జవాబివ్వని ఇరవై ఏడు మందికీ నచ్చిందనుకోవడం ఒకటి. పదమూడింట నలుగురు కాబట్టి కొన్నవాళ్లలో దాదాపు మూడో వంతుకి ఉప్పెక్కువైందని లెక్కేయడం ఇంకొకటి. మనసు బాగా కదిలినవాళ్లే, మెచ్చుకోలుకైనా కోపానికైనా, ఎక్కువగా రాస్తారు. మధ్యస్థంగా అనిపించినవాళ్లు ఊరుకుంటారు. కాబట్టి ఇలాంటి జవాబుల్ని శాతాలుగా లెక్కపెట్టకూడదు. ఎక్కడ వెతకాలో చెప్పే ఆనవాళ్లుగా చూడాలి.

ఆవిడ సీసా మూతల మీద ఏ జాడీలోది, ఎన్నో సీసా అని నంబర్లు వేసి, ఎవరికి ఏది వెళ్లిందో పుస్తకంలో రాసుకున్నారు. ఉప్పన్న నలుగురి నంబర్లూ వెతికారు. ముగ్గురివి రెండో జాడీలో చివరగా నింపిన సీసాలు. అదే జాడీలో మొదట నింపిన సీసాలు అందుకున్నవాళ్లలో ఇద్దరు ఏమీ మార్చొద్దన్నారు. ఆవకాయ ఊరేకొద్దీ ముక్కల్లోంచి ఉప్పు నీరు దిగుతుంది. నూనె పైకి తేలుతుంది. సీసాల్లోకి తీసేముందు అడుగుదాకా కలపకపోతే పై సీసాలకి నూనె, కింది సీసాలకి ఉప్పు, పిండి ఎక్కువ చేరతాయి. తప్పు కొలతలో లేదు, కలపడంలో ఉంది.

కొన్నవాళ్ల మాట అక్షరాలా పట్టుకుని ఆవిడ ఉప్పు తగ్గించి ఉంటే వచ్చే ఏడాది పెద్ద నష్టమే జరిగేది. ఊరగాయలో ఉప్పు రుచికి మాత్రమే కాదు, నిలవకి కూడా. తగ్గిస్తే బూజు పడుతుంది. వాడేవాళ్లు తమకి ఏం తేడాగా తోచిందో చెప్పడంలో దాదాపు ఎప్పుడూ సరిగానే చెబుతారు. ఎందుకలా అయిందో, ఏం చేయాలో తేల్చడం తయారుచేసినవాళ్ల పని. ముక్క మెత్తబడిందన్న ఇద్దరి సంగతీ అంతే. కాయ పండబారిందా, టెంక లేని ముక్కలు పడ్డాయా, తడి సరిగా తుడవలేదా అని ఆవిడే చూసుకోవాలి. "బాగుందండీ" అని నలభై జవాబులు వచ్చినా ఈ దారి కనపడేది కాదు. నాలుగు నిజాలు, మూత మీద నంబరు కలిసి చూపించాయి.

విమర్శ చెప్పినవాళ్లకి వెంటనే ఇచ్చే జవాబు మీదే తర్వాతి నిజాలు ఆధారపడతాయి. "అందరూ బాగుందన్నారే, మీకొక్కరికే అలా అనిపించిందా?" అంటే ఆ మనిషి జన్మలో మళ్లీ నోరు విప్పడు. మరీ ఎక్కువగా క్షమాపణ చెప్పినా ఇబ్బందే, చెప్పినందుకు వాళ్లే బాధపడతారు. "చెప్పినందుకు సంతోషమండీ. మూత మీద నంబరు ఎంతో చెప్తారా? అదే జాడీలో వేరేవాళ్లకీ ఇలా అయిందేమో చూసుకుంటాను." ఇంత చాలు. కారణం తేలాక, "మీరు చెప్పింది నిజమేనండీ, అడుగు సీసాల్లో ఉప్పు చేరింది, ఇకనుంచి కలిపి నింపుతాను" అని ఒక్క వాక్యం రాస్తే, తమ మాట ఎక్కడికి చేరిందో వాళ్లకి తెలుస్తుంది.

రివ్యూ అడగాలంటే

మూడో పని, నలుగురికీ కనిపించే రివ్యూ. దీన్ని విడిగా, సూటిగా అడగాలి. చాలామంది మర్యాదనుకుని రాసే వాక్యం ఒకటుంది: "నచ్చితే గూగుల్లో రాయండి, నచ్చకపోతే మాకు చెప్పండి." వినడానికి వినయంగానే ఉంది. కానీ దీనివల్ల మంచి మాటలు బయటికి, చెడ్డ మాటలు లోపలికి పోతాయి. తర్వాత కొనబోయేవాళ్లకి సగం నిజమే కనిపిస్తుంది. మెచ్చుకునేవాళ్లని మాత్రమే ఏరి రివ్యూ అడగడాన్ని గూగుల్ నియమాలు ఒప్పుకోవు. రివ్యూకి బదులుగా డబ్బు, డిస్కౌంటు, ఉచిత సరుకు ఇవ్వజూపడాన్నీ ఒప్పుకోవు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేసిన నిబంధన 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. ఫలానా విధంగా, మెచ్చుకుంటూనో తిడుతూనో, రాయాలన్న షరతుతో ప్రతిఫలం ఇవ్వడం దాని ప్రకారం నిషేధం.

మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూల మీద ఐఎస్ 19000:2022 అనే ప్రమాణం తెచ్చింది. రివ్యూలు ఎలా సేకరించాలి, ఎలా వడకట్టాలి, ఎలా ప్రచురించాలి అన్నది దాని విషయం. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వెబ్‌సైట్లు, యాప్‌ల మోసపూరిత పోకడల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో పేర్కొన్న పదమూడు పోకడల్లో, కాదన్న మనిషిలో సిగ్గో అపరాధభావమో కలిగించి ఒప్పించడం ఒకటి, పదేపదే అడిగి విసిగించడం ఇంకొకటి. ఆ నిబంధనలు ముఖ్యంగా కొనిపించడం, చందా కొనసాగించడం వంటి సందర్భాల కోసం రాసినవి. అయినా అభిప్రాయం అడిగే సంస్థలకి కూడా ఎక్కడ ఆగాలో అవి చూపిస్తాయి.

పచ్చళ్లావిడ అడగదలిస్తే ఇలా అడగొచ్చు: "మా పేజీలో మీ అనుభవం రాస్తే కొత్తగా కొనేవాళ్లకి పనికొస్తుంది. బాగున్నవీ బాగోనివీ రెండూ రాయండి. రాయకపోయినా ఏం కాదు." ఇది నలభై మందికీ పంపాలి, మెచ్చుకున్న ఐదుగురికే కాదు. పార్సిల్లో వంద గ్రాముల కందిపొడి పొట్లం ఉచితంగా పెట్టాలనిపిస్తే పెట్టొచ్చు. కానీ ఆ పొట్లం మీద రివ్యూ మాట ఉండకూడదు. ఒక్కసారి ఆ మాట చేరితే కానుక కాస్తా బాకీ అవుతుంది. ఎవరైనా చెడ్డ రివ్యూ రాస్తే సీసా మార్చి ఇవ్వాలి. అంతేగానీ మార్చి ఇచ్చాం కాబట్టి రివ్యూ తీసేయమనకూడదు. మార్చి ఇవ్వడం మొదటి పని కింద ఎలాగూ ఆవిడ బాధ్యతే.

ఇంత జాగ్రత్తగా అడిగినా ఎక్కువమంది జవాబివ్వరు. ఊరుకున్నవాళ్ల మనసు తెలుసుకోవడానికి వాళ్లని ఇబ్బంది పెట్టని దారులు వేరే ఉన్నాయి. ఎవరు మళ్లీ ఆర్డరు పెట్టారు, ఎవరు గోంగూర తెప్పించుకుని ఆవకాయ మానేశారు, ఎవరి మాట విని కొత్తవాళ్లు వచ్చారు అన్నది ఆవిడ పుస్తకంలోనే ఉంటుంది. ఆ లెక్కకి ఎవరి తీరికా అక్కర్లేదు.

తన అడిగే పద్ధతి సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి అమ్మేవాళ్లకి ఒక గుర్తుంది. వరుసగా రెండు మూడు విడతల్లో వచ్చిన జవాబులన్నీ మెచ్చుకోళ్లే అయితే, సరుకుని పొగుడుకునేముందు తాము పంపిన మెసేజ్‌ని ఒకసారి తీసి చదవాలి. బాగోలేదని చెప్పదలచిన మనిషికి అందులో చోటుందా అని చూడాలి. లేకపోతే సరుకు జోలికి పోకుండా ముందు ప్రశ్న మార్చాలి. తర్వాతి విడతలో ఒకరిద్దరు "కారం తగ్గింది" అనో, "మూత బిగుసుకుపోయింది" అనో రాస్తే ఆ మార్పు పనిచేసినట్టే. వాళ్లకి జవాబు ఆ రోజే రాయాలి.